జింకు ఎందుకు కరుగుతుంది? గాల్వనిక్ ఘటంలో 1.10 వోల్టుల లెక్క

నీలంగా ఉన్న కాపర్ సల్ఫేట్ ద్రావణంలో, అంటే మైలుతుత్తం కరిగించిన నీటిలో, జింకు ముక్క వేస్తే కొద్దిసేపటికి దాని మీద ఎర్రగోధుమ రంగు పొర పేరుకుంటుంది. ద్రావణంలోని నీలం మెల్లగా వెలిసిపోతుంది. గాజుపాత్రను తాకితే వెచ్చగా ఉంటుంది. జింకు పరమాణువులు అయాన్లుగా మారి నీటిలోకి వెళ్లాయి, నీటిలోని రాగి అయాన్లు లోహంగా మారి జింకు మీద కూర్చున్నాయి.

Zn + Cu²⁺ → Zn²⁺ + Cu

ఒక మోల్ జింకు ఇలా చర్య జరిపితే దాదాపు 219 కిలోజౌళ్ల వేడి బయటికి వస్తుంది. ఆ శక్తి అంతా నీటిని వేడి చేయడానికే పోతుంది, ఎందుకంటే జింకు పరమాణువు తన రెండు ఎలక్ట్రాన్లను పక్కనే ఉన్న రాగి అయానుకు నేరుగా ఇచ్చేస్తుంది. ఇచ్చేదాన్నీ పుచ్చుకునేదాన్నీ విడదీసి, ఎలక్ట్రాన్లు మధ్యలో ఒక తీగ గుండా పోక తప్పని పరిస్థితి కల్పిస్తే అదే చర్య విద్యుత్తునిస్తుంది. ఆ ఏర్పాటు పేరే గాల్వనిక్ ఘటం.

జింకు, రాగిలతో పనిచేసే ఈ ఘటాన్ని 1836లో లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ జాన్ ఫ్రెడరిక్ డేనియల్ రూపొందించాడు. అంతకుముందు, 1800లో వోల్టా ప్రకటించిన ఘటంలో లోహపు బిళ్లల మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డో అట్టో ఉండేది. అందులో రాగి అయాన్లు లేవు కాబట్టి రాగి దగ్గరికి చేరిన ఎలక్ట్రాన్లతో హైడ్రోజన్ వాయువు పుట్టేది. ఆ బుడగలు లోహాన్ని అంటిపెట్టుకుని ఉండడంతో విద్యుత్తు కొద్దిసేపట్లోనే బలహీనపడేది. డేనియల్ రాగి చుట్టూ కాపర్ సల్ఫేట్ ద్రావణం ఉంచాడు. రెండు ద్రావణాలు కలిసిపోకుండా మొదట ఎద్దు అన్నవాహిక పొరను అడ్డుగా వాడాడు, తర్వాత ఆ స్థానంలోకి సన్నని రంధ్రాలున్న మట్టికుండ వచ్చింది. ఇప్పుడు రాగి మీద చేరేది వాయువు కాదు, రాగే. అందువల్ల ఘటం చాలాసేపు నిలకడగా పనిచేసింది, టెలిగ్రాఫ్ తీగలకు నమ్మదగిన ఆధారమైంది.

కాలేజీ ప్రయోగశాలలో దీన్ని రెండు బీకర్లతో కడతారు. ఒకదానిలో జింకు సల్ఫేట్ ద్రావణం, అందులో జింకు కడ్డీ. రెండోదానిలో కాపర్ సల్ఫేట్ ద్రావణం, అందులో రాగి కడ్డీ. కడ్డీలను బయట తీగతో కలుపుతారు, ద్రావణాలను లవణ వారధితో కలుపుతారు. ఒక్కో బీకరు ఒక అర్ధఘటం, అందులో జరిగేది అర్ధచర్య.

ముందు జింకు వైపు ఏం జరుగుతుందో చూడాలి. లోహంలో జింకు అయాన్లు ఒక క్రమంలో ఉంటాయి, వాటి వేలన్సీ ఎలక్ట్రాన్లు లోహమంతటా తిరుగుతుంటాయి. ద్రావణాన్ని తాకే ఉపరితలం దగ్గర నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపును జింకుకు తిప్పి దాన్ని తమవైపు లాగుతాయి. కొన్ని అయాన్లు లోహాన్ని వదిలి నీటిలోకి దిగుతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం నీటిలోకి పోలేవు, కడ్డీలోనే ఉండిపోతాయి.

Zn → Zn²⁺ + 2e⁻

ఎలక్ట్రాన్లను పోగొట్టుకోవడం కాబట్టి ఇది ఆక్సీకరణం. ఆక్సీకరణం జరిగే చోటు ఆనోడ్. ఎలక్ట్రాన్లు మిగిలిపోయింది ఇక్కడే కాబట్టి గాల్వనిక్ ఘటంలో ఆనోడ్ రుణ ధ్రువం అవుతుంది. విద్యార్థులు తరచూ తడబడే చోటు ఇదే, ఎందుకంటే విద్యుద్విశ్లేషణ పాఠంలో ఆనోడ్ ధన ధ్రువమని చదివి ఉంటారు. అక్కడ బయటి బ్యాటరీ బలవంతంగా ఎలక్ట్రాన్లను లాగుతుంది, ఇక్కడ చర్యే వాటిని వదిలిపెడుతుంది. రెండు చోట్లా మారనిది ఒక్కటే: ఆనోడ్ దగ్గర ఆక్సీకరణం, కాథోడ్ దగ్గర క్షయకరణం. గుర్తును కంఠస్థం చేయడం కంటే ఎలక్ట్రాన్లు ఎక్కడ మిగులుతున్నాయో అడగడం మేలు.

తీగ కలపనంతవరకు ఈ కరగడం ఎక్కువసేపు సాగదు. కడ్డీలో రుణావేశం పెరిగేకొద్దీ అది బయటికి పోబోయే Zn²⁺ అయాన్లను వెనక్కి లాగుతుంది. ఎన్ని అయాన్లు బయటికి పోతున్నాయో అన్నీ తిరిగి వచ్చే స్థితి త్వరలోనే ఏర్పడుతుంది. అప్పటికి నీటిలో దిగిన జింకు ఏ తక్కెడకూ అందనంత తక్కువ. అయినా లోహానికీ ద్రావణానికీ మధ్య కొన్ని అణువుల మందం ఉన్న పొరలో ఆవేశాలు ఎదురెదురుగా నిలబడతాయి, ఆ పొరకు అటూ ఇటూ పొటెన్షియల్ తేడా ఏర్పడుతుంది. ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పుట్టేది అక్కడే.

రాగి కడ్డీ దగ్గరా ఇదే పోటీ ఉంటుంది, కానీ మొగ్గు వేరు. రాగి అయాన్లు లోహంలోకి చేరడానికి ఇష్టపడినంతగా జింకు అయాన్లు ఇష్టపడవు. అందువల్ల రాగి కడ్డీలో మిగిలే ఎలక్ట్రాన్ల ఒత్తిడి జింకు కడ్డీలో ఉన్నదానికన్నా తక్కువ. రెండు కడ్డీలనూ తీగతో కలిపితే ఎలక్ట్రాన్లు జింకు నుంచి రాగికి ప్రవహిస్తాయి. అక్కడ ద్రావణంలోని రాగి అయాను వాటిని తీసుకుని లోహమవుతుంది.

Cu²⁺ + 2e⁻ → Cu

ఇది క్షయకరణం, రాగి కడ్డీ కాథోడ్. జింకు కడ్డీలో ఎలక్ట్రాన్లు తగ్గగానే అక్కడి సమతాస్థితి చెదురుతుంది, మరికొంత జింకు కరుగుతుంది. ప్రవాహం ఇలా కొనసాగుతుంది.

అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. జింకే ఎందుకు ఇస్తుంది, రాగే ఎందుకు పుచ్చుకుంటుంది? పాఠ్యపుస్తకాల్లో చాలాసార్లు దొరికే జవాబు, జింకు ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ తక్కువ కాబట్టి అని. అది కారణం కాదు, జరిగినదానికి పెట్టిన కొలత. కారణం కావాలంటే ఘన లోహం నీటిలోని అయానుగా మారే దారిని మూడు మెట్లుగా విడదీసి ఒక్కో మెట్టుకు ఎంత శక్తి పడుతుందో చూడాలి. మొదటి మెట్టులో లోహబంధాలను తెంచి విడి పరమాణువులను చేయాలి, దీని ఖర్చు పరమాణీకరణ ఎంథాల్పీ. రెండో మెట్టులో పరమాణువు నుంచి రెండు ఎలక్ట్రాన్లను లాగాలి, ఇది మొదటి, రెండో అయనీకరణ ఎంథాల్పీల మొత్తం. మూడో మెట్టులో వాయుస్థితిలోని అయాన్ని నీటి అణువులు చుట్టుముడతాయి, అప్పుడు శక్తి తిరిగి వస్తుంది. దాన్ని హైడ్రేషన్ ఎంథాల్పీ అంటారు.

డిగ్రీ విద్యార్థులకు అందుబాటులో ఉండే పట్టికల ప్రకారం జింకుకు పరమాణీకరణం మోల్‌కు 130 కిలోజౌళ్లు, రెండు అయనీకరణాలు కలిపి 906 + 1736 = 2642, హైడ్రేషన్‌లో తిరిగి వచ్చేది 2059. మిగిలే నికర ఖర్చు 713. రాగికి పరమాణీకరణం 339, అయనీకరణాలు 745 + 1960 = 2705, హైడ్రేషన్‌లో వచ్చేది 2121. నికర ఖర్చు 923. అంటే రాగిని అయానుగా మార్చడానికి జింకుకన్నా మోల్‌కు 210 కిలోజౌళ్లు ఎక్కువ కావాలి. జింకు కరిగి రాగి లోహంగా మారితే ఆ తేడా బయటికి వస్తుంది. ప్రయోగంలో కొలిచిన 219కి ఇది చాలా దగ్గర.

ఈ లెక్కలో గమనించాల్సిన విషయం మరొకటి ఉంది. ఎలక్ట్రాన్లను లాగడానికి రాగికి జింకుకన్నా 63 కిలోజౌళ్లు ఎక్కువ పడుతుంది. హైడ్రేషన్‌లో రాగికి 62 కిలోజౌళ్లు ఎక్కువ తిరిగి వస్తుంది. ఈ రెండూ దాదాపు పూర్తిగా ఒకదానికొకటి చెల్లిపోతాయి. మిగిలే తేడా అంతా మొదటి మెట్టులోనే ఉంది: 339 ఎక్కడ, 130 ఎక్కడ! జింకు ఎలక్ట్రాన్లను సులువుగా వదిలేస్తుంది కాబట్టి చురుకైన లోహం అనే మాట ఈ జంట విషయంలో పూర్తి నిజం కాదు. జింకు పరమాణువులు లోహంలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోలేవు కాబట్టి అది కరుగుతుంది. జింకులో 3d కక్ష్య పది ఎలక్ట్రాన్లతో నిండి లోతుగా దిగిపోయి ఉంటుంది, 4s కూడా జంటతో నిండి ఉంటుంది. లోహబంధానికి అవి అంతగా సాయపడవు. రాగిలో 3d ఎలక్ట్రాన్లు బంధంలో పాలుపంచుకుంటాయి, లోహం గట్టిగా నిలుస్తుంది. జింకు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ద్రవమైతే రాగికి 1085 డిగ్రీలు కావలసి రావడం ఈ తేడాకు బయటికి కనిపించే గుర్తు.

వెచ్చదనంగా వచ్చే 219 కిలోజౌళ్లన్నీ విద్యుత్తుగా మారవు. విద్యుత్తుగా గరిష్ఠంగా దొరికేది గిబ్స్ స్వేచ్ఛాశక్తి మార్పు. దాని సూత్రం ΔG° = −nFE°. ఇక్కడ n అంటే మారే ఎలక్ట్రాన్ల సంఖ్య 2, F అంటే ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96,485 కూలుంబులు. ఘటం 1.10 వోల్టులు ఇస్తే 2 × 96,485 × 1.10, అంటే దాదాపు 212 కిలోజౌళ్లు. మిగతా ఆరేడు కిలోజౌళ్లు వేడిగా పోతాయి, చర్యలో ఎంట్రోపీ కొద్దిగా తగ్గుతుంది కాబట్టి.

ఈ 1.10 వోల్టులలో జింకు వాటా ఎంత, రాగి వాటా ఎంత? విడిగా కొలవడం సాధ్యం కాదు. వోల్టుమీటరుకు రెండు తీగలుంటాయి. ఒకటి జింకుకు కలిపితే రెండోది ద్రావణంలో ముంచాలి, ముంచిన ఆ తీగ తానే మరో ఎలక్ట్రోడ్ అవుతుంది. ఎప్పుడూ దొరికేది తేడాయే. అందువల్ల రసాయన శాస్త్రవేత్తలు ఒక ఎలక్ట్రోడ్‌కు సున్నా విలువ ఇచ్చి మిగతావన్నీ దానితో పోల్చి కొలుస్తారు. అది ప్రమాణ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్: సన్నని ప్లాటినం పొడి పూసిన ప్లాటినం రేకు, దాని మీదుగా 1 బార్ పీడనంలో బుడగలుగా పోయే హైడ్రోజన్, చుట్టూ H⁺ ప్రమాణ గాఢతలో ఉన్న ఆమ్లం. సముద్ర మట్టాన్ని సున్నా అనుకుని కొండల ఎత్తు చెప్పినట్టే ఇదీ ఒప్పందమే తప్ప హైడ్రోజన్‌కు నిజంగా పొటెన్షియల్ లేదని కాదు.

ఈ ఎలక్ట్రోడ్‌కు జింకు అర్ధఘటం కలిపితే 298 కెల్విన్ దగ్గర 0.76 వోల్టులు వస్తాయి, జింకు రుణ ధ్రువంగా ఉంటుంది. కాబట్టి E°(Zn²⁺/Zn) = −0.76 V. రాగిని కలిపితే 0.34 వోల్టులు, రాగి ధన ధ్రువం. కాబట్టి E°(Cu²⁺/Cu) = +0.34 V. రెండు విలువలూ అయాను లోహంగా మారే దిశకే, అంటే క్షయకరణానికే రాస్తారు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింకు బుసబుసమని కరగడం, రాగి కరగకపోవడం ఈ రెండు గుర్తుల నుంచే చెప్పొచ్చు: జింకు H⁺ అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు, రాగి ఇవ్వలేదు. వోల్టా ఘటంలోని బుడగల చిక్కు డేనియల్ ఘటంలో తీరడానికీ కారణం ఇదే. Cu²⁺ దగ్గర ఉన్నంతవరకు ఎలక్ట్రాన్లను పుచ్చుకోవడంలో H⁺ కంటే దానిదే పైచేయి.

ఘటం మొత్తం పొటెన్షియల్ కనుక్కోవడం ఇక సులువు. క్షయకరణం జరిగే కాథోడ్ విలువ నుంచి ఆనోడ్ విలువ తీసేయాలి.

E°(ఘటం) = 0.34 − (−0.76) = 1.10 V

ఇక్కడ రెండు పొరపాట్లు పరీక్ష పేపర్లలో కనిపిస్తాయి. జింకు చర్యను తిరగేసి గుర్తు మార్చి +0.76 అని రాసుకుని, మళ్లీ తీసివేత కూడా చేయడం మొదటిది. దాంతో జవాబు −0.42 అవుతుంది. గుర్తు మార్చి కూడడం గానీ, మార్చకుండా తీసేయడం గానీ, ఏదో ఒకటే చేయాలి. రెండోది మరింత లోతైన పొరపాటు. రాగి, వెండి ఘటంలో Ag⁺ ఒక ఎలక్ట్రానే పుచ్చుకుంటుంది కాబట్టి సమీకరణం తుల్యం కావడానికి వెండి అర్ధచర్యను రెండుతో గుణించాలి. అప్పుడు 0.80 వోల్టులను కూడా రెండుతో గుణిస్తే తప్పు. వోల్టు అంటే ఒక్కో కూలుంబుకు వచ్చే శక్తి. రెండింతల వెండి చర్య జరిపితే శక్తీ రెండింతలవుతుంది, ప్రవహించే ఆవేశమూ రెండింతలవుతుంది, వాటి నిష్పత్తి మారదు. కాబట్టి ఆ ఘటం విలువ 0.80 − 0.34 = 0.46 వోల్టులే. గుణించాల్సింది ΔG విలువను, E విలువను కాదు.

లవణ వారధి లేకపోతే ఈ లెక్కలన్నీ కాగితం మీదే ఉంటాయి. ప్రవాహం మొదలైన మరుక్షణం జింకు బీకరులో Zn²⁺ పెరిగి ద్రావణం ధనావేశం పొందబోతుంది. రాగి బీకరులో Cu²⁺ తగ్గి సల్ఫేట్ అయాన్లు మిగిలిపోవడంతో అటు రుణావేశం పేరుకోబోతుంది. ఆ ఆవేశాలు ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని వెంటనే ఆపేస్తాయి. పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో కలిపి అగర్ జెల్లీ నింపిన U గొట్టం ఈ చిక్కు తీరుస్తుంది: క్లోరైడ్ అయాన్లు జింకు వైపు, పొటాషియం అయాన్లు రాగి వైపు కదులుతాయి. K⁺, Cl⁻ దాదాపు సమాన వేగంతో కదులుతాయి కాబట్టి ద్రావణాలు కలిసే చోట అదనపు పొటెన్షియల్ పెద్దగా పుట్టదు. వెండి అర్ధఘటానికి మాత్రం ఈ లవణం పనికిరాదు. క్లోరైడ్ తగలగానే సిల్వర్ క్లోరైడ్ తెల్లగా అవక్షేపమవుతుంది. అక్కడ పొటాషియం నైట్రేట్ వాడతారు.

ప్రమాణ పొటెన్షియల్ అంటే ద్రావణాల గాఢత 1 మోలార్ ఉన్నప్పటి విలువ. గాఢత మారితే ఏమవుతుందో కూడా అర్ధచర్యలే చెబుతాయి. రాగి అయాన్లు తక్కువైతే ఎలక్ట్రాన్లు పుచ్చుకునేవి తగ్గాయి, జింకు అయాన్లు ఎక్కువైతే జింకు కరగడానికి అడ్డు పెరిగింది. రెండూ పొటెన్షియల్‌ను తగ్గిస్తాయి. ఎంత తగ్గుతుందో 1889లో వాల్తర్ నెర్నస్ట్ ఇచ్చిన సమీకరణం చెబుతుంది. 298 కెల్విన్ దగ్గర డేనియల్ ఘటానికి అది ఇలా ఉంటుంది:

E = 1.10 − (0.0592/2) log([Zn²⁺]/[Cu²⁺])

జింకు ద్రావణం 0.1 మోలార్, రాగి ద్రావణం 0.001 మోలార్ అనుకుంటే నిష్పత్తి 100, దాని లాగరిథమ్ 2. కాబట్టి E = 1.10 − 0.0592, అంటే దాదాపు 1.04 వోల్టులు. గాఢతల నిష్పత్తి వందరెట్లు మారినా పొటెన్షియల్ తగ్గింది దాదాపు 0.06 వోల్టే. రెండు ద్రావణాలూ ఒకే గాఢతలో ఉంటే, అది 1 మోలార్ అయినా 0.1 మోలార్ అయినా, ఈ సమీకరణం ప్రకారం 1.10 వోల్టులే రావాలి. నిజానికి అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకోవడం వల్ల గాఢతకూ వాటి ప్రభావానికీ కొంత తేడా ఉంటుంది. రెండు ఆవేశాలున్న అయాన్లలో ఆ తేడా ఎక్కువ. సమీకరణంలో గాఢతల బదులు క్రియాశీలతలు వాడితేనే లెక్క కచ్చితంగా సరిపోతుంది.

ప్రయోగశాలలో రీడింగు 1.10కి బదులు 0.9 దగ్గర ఆగితే ముందు అనుమానించాల్సింది సమీకరణాన్ని కాదు, కడ్డీలను. జింకు గాలిలో ఆక్సైడు పొర కట్టుకుంటుంది, గరుకు కాగితంతో రుద్ది మెరిసేదాకా శుభ్రం చేయాలి. జింకు కడ్డీ ద్రావణంలోనే నల్లబడుతుంటే రాగి అయాన్లు వారధి దాటి ఇటు చేరాయని అర్థం. అక్కడే నేరుగా చర్య జరిగి జింకు వృథా అవుతోంది. రీడింగు రుణ గుర్తుతో వస్తే తీగలు తారుమారయ్యాయి. రీడింగు నిలవకుండా ఊగుతుంటే లవణ వారధిలో గాలి బుడగ ఉందేమో చూడాలి. ఇక కొలిచే పరికరానికి నిరోధం చాలా ఎక్కువ ఉండాలి. ప్రవాహం గణనీయంగా ఉంటే ద్రావణపు నిరోధం కొంత వోల్టేజీని తినేస్తుంది, అప్పుడు తెరపై కనిపించేది విద్యుచ్చాలక బలం కాదు, దానికన్నా తక్కువ విలువ.

ఘటం నిజంగా ఆ రెండు అర్ధచర్యల మీదే నడుస్తోందో లేదో తక్కెడతో తేల్చవచ్చు. 0.1 ఆంపియర్ ప్రవాహాన్ని ఒక గంట పాటు తీసుకుంటే 360 కూలుంబులు ప్రవహిస్తాయి. దాన్ని 96,485తో భాగిస్తే 0.00373 మోల్ ఎలక్ట్రాన్లు. ఒక్కో పరమాణువుకు రెండు ఎలక్ట్రాన్లు కాబట్టి 0.00187 మోల్ జింకు కరగాలి, అంతే రాగి చేరాలి. జింకు కడ్డీ 0.122 గ్రాములు తగ్గుతుంది, రాగి కడ్డీ 0.119 గ్రాములు పెరుగుతుంది. జింకు ఇంతకంటే ఎక్కువ తగ్గితే, కొంత జింకు తీగను దాటవేసి ద్రావణంలోనే చర్య జరిపిందన్నమాట.

ఘటాన్ని అలాగే వదిలేస్తే చివరికి E సున్నా అవుతుంది. నెర్నస్ట్ సమీకరణంలో E = 0 పెడితే log K = 2 × 1.10 / 0.0592, అంటే దాదాపు 37. జింకు అయాన్లు రాగి అయాన్లకన్నా 10³⁷ రెట్లు ఎక్కువయ్యేదాకా సమతాస్థితి రాదు. అంత పెద్ద సంఖ్యకు ఆచరణలో ఒకే అర్థం: జింకు కడ్డీ సరిపడా ఉంటే, రాగి బీకరులోని నీలం పూర్తిగా పోయేదాకా చర్య ఆగదు.